మాఫీ అని చెప్పి కోత వేస్తే బ్యాంకుకు ఏం రాయాలి?

పొదుపు ఖాతాలో కనీస నిల్వ లేదంటూ బ్యాంకు కోసుకునే డబ్బు నెలకు మూడొందలో ఐదొందలో ఉంటుంది. దానికోసం పని మానుకుని బ్యాంకుకు వెళ్లడం దండగని చాలామంది ఊరుకుంటారు. అలా ఊరుకున్న డబ్బంతా కలిస్తే ఎంతవుతుందో 2024లో పార్లమెంటులో ఇచ్చిన సమాధానంలో తెలిసింది. ప్రభుత్వ రంగ బ్యాంకులు ఐదేళ్లలో ఈ ఒక్క పద్దు కింద వసూలు చేసింది సుమారు 8,500 కోట్ల రూపాయలు. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ జరిమానా ఎత్తేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు కూడా అదే దారి పట్టాయి. ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం ఇప్పటికీ చాలా ఖాతాలకు ఇది ఉంది. కనీస నిల్వ ఎంత ఉండాలన్నది రిజర్వు బ్యాంకు నిర్ణయించదు. ఆ నిర్ణయం బ్యాంకులదే.

ఇక్కడ చెప్పదలచుకున్నది జరిమానా తప్పా ఒప్పా అని కాదు. ఖాతా తెరిచేటప్పుడు ‘మీకు మినిమం బ్యాలెన్స్ అక్కర్లేదు’ అని బ్యాంకు మనిషే చెప్పి, ఆ తర్వాత కోత పడితే ఏం చేయాలన్నదే విషయం. ఇలాంటప్పుడు చాలామంది రాసే ఉత్తరం ‘దయచేసి మాఫీ చేయగలరు’ అని ఉంటుంది. నన్నడిగితే అసలు నష్టం ఆ వాక్యంతోనే మొదలవుతుంది. మాఫీ అడిగామంటే జరిమానా సరైనదేనని మనమే ఒప్పుకున్నట్టు. బ్యాంకు దయతలచి ఒక నెల డబ్బు వెనక్కిస్తుంది, వచ్చే నెల మళ్లీ కోస్తుంది. మనం రాయాల్సింది మాఫీ కోరే ఉత్తరం కాదు, ‘ఈ కోత చెల్లదు, నా డబ్బు తిరిగి జమ చేయండి’ అనే అభ్యంతర పత్రం. ఈ రెండింటికీ తేడా ఎక్కడ వస్తుందో ఒక కేసు తీసుకుని చూద్దాం.

గుంటూరులో బట్టలు కుట్టే దుకాణం నడుపుకునే ఒకావిడ ఉందనుకుందాం. జనవరిలో ఒక ప్రైవేటు బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్ దుకాణానికే వచ్చి ఆమె పేరున పొదుపు ఖాతా తెరిపించాడు. అదే రోజు ఆమె భర్త పేరున లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా వేయించుకున్నాడు. ఆ సాయంత్రం వాట్సాప్‌లో ఇలా పెట్టాడు: ‘మేడం, ఎఫ్‌డీ లక్ష ఉంది కాబట్టి మీ సేవింగ్స్‌కి మినిమం బ్యాలెన్స్ అక్కర్లేదు. ఛార్జీలు ఏమీ పడవు.’ ఆమె నమ్మింది, నమ్మకపోవడానికి కారణం కూడా లేదు. మే నెల నుంచి వరసగా మూడు కోతలు పడ్డాయి. స్టేట్‌మెంటులో ఆ పద్దు పక్కన MIN BAL CHGS అని ఉంది. కొన్ని బ్యాంకుల్లో AMB CHRG అని ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఉత్తరం రాయడం సులువవుతుంది. జరిమానా వేసేది మేనేజరూ కాదు, క్యాషియరూ కాదు. నెల పూర్తికాగానే కంప్యూటరే లెక్కగట్టి కోస్తుంది. ఈ ఖాతాకు మినహాయింపు ఉందా లేదా అని అది చూసేది రెండే చోట్ల. ఒకటి, ఖాతా ఏ పథకం కింద తెరిచారన్నది. రెండోది, ఆ ఖాతాదారు కస్టమర్ నంబరు కింద డిపాజిట్ ఉందా అన్నది. మన ఉదాహరణలో డిపాజిట్ భర్త పేరున, అంటే వేరే కస్టమర్ నంబరు కింద ఉంది. ఆ ఇద్దరినీ ఒకే కుటుంబంగా కలపాల్సిన పని రిలేషన్‌షిప్ మేనేజర్‌ది. అతను కలపలేదు. కాబట్టి వాట్సాప్‌లో మాట ఉంది, కంప్యూటర్‌లో లేదు. జీతం ఖాతాల్లోనూ ఇదే చిక్కు. ఉద్యోగం మారాక కొన్ని నెలలు జీతం పడకపోతే ఖాతా మామూలు ఖాతాగా మారిపోతుంది. ‘మీది ఎప్పటికీ జీరో బ్యాలెన్సే’ అని చెప్పిన మనిషికి ఆ సంగతి గుర్తుండదు.

అందుకే ఉత్తరంలో రెండు కోరికలు ఉండాలి. కోసిన డబ్బు తిరిగి జమ చేయడం మొదటిది. మినహాయింపును ఖాతాకు నమోదు చేయడం రెండోది. రెండోది అడగకపోతే ఆగస్టులో మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

రాయడానికి ముందు కోతను ఒకసారి మనమే లెక్క చూసుకోవాలి. చాలా బ్యాంకులు చూసేది ఏదో ఒక రోజు నిల్వ కాదు, నెల సగటు. ప్రతిరోజూ రాత్రికి ఖాతాలో మిగిలిన మొత్తాలన్నీ కూడి, నెలలో ఉన్న రోజులతో భాగిస్తారు. ముప్పై రోజుల నెలలో ఇరవై రోజులు 2,000, పది రోజులు 26,000 ఉంటే సగటు సరిగ్గా 10,000 వస్తుంది. పదివేల నిబంధన ఉన్న ఖాతాకు అప్పుడు జరిమానా పడకూడదు. 29 రోజులు 1,000 ఉంచి ఆఖరి రోజు పదివేలకు పెంచితే మాత్రం సగటు 1,300 దాటదు. ‘నెలాఖరున డబ్బు వేశాను కదా’ అన్న వాదన నిలవనిది ఇందుకే.

మన ఉదాహరణలో నిబంధన పదివేలు. తగ్గిన మొత్తంలో ఆరు శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు జరిమానా, దానిపై 18 శాతం జీఎస్టీ. ఏప్రిల్ సగటు 4,000, అంటే లోటు 6,000, జరిమానా 360. జీఎస్టీతో 424.80. మే సగటు 2,500 కాబట్టి జరిమానా 450, జీఎస్టీతో 531. జూన్ సగటు 1,000. ఆరు శాతం చొప్పున 540 రావాలి గానీ గరిష్ఠం 500 కాబట్టి జీఎస్టీతో 590. మొత్తం 1,545.80. ఉత్తరంలో ఈ పైసలతో సహా రాయాలి. జీఎస్టీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొన్నిసార్లు జరిమానా వెనక్కి వస్తుంది, పన్ను అక్కడే ఉండిపోతుంది.

ఇక నియమం మాట. 2014 నవంబరు 20న రిజర్వు బ్యాంకు ఈ జరిమానాల మీద ఆదేశాలిచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. నిల్వ తగ్గిందని బ్యాంకు ముందు ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిల్ ద్వారానో ఉత్తరం ద్వారానో తెలపాలి. నోటీసు ఇచ్చిన రోజు నుంచి కనీసం నెల రోజుల్లో నిల్వను సరిచేసుకునే అవకాశం ఇవ్వాలి. అప్పటికీ సరిచేయకపోతేనే జరిమానా. జరిమానా లోటును బట్టి ఉండాలి, అందరికీ ఒకే రేటు కొట్టకూడదు. కేవలం ఈ జరిమానా వల్ల ఖాతా సున్నా కిందికి దిగకూడదు. ఈ ఆఖరి మాటను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. ఖాతాలో డబ్బు లేనప్పుడు బ్యాంకు బాకీ రాసిపెట్టుకుని, తర్వాత జమ పడగానే కోసుకోవడం కూడా జరుగుతుంటుంది. అందుకని ‘మైనస్‌లోకి వెళ్లలేదు కదా’ అని నిశ్చింతగా ఉండకుండా, జమ పడిన రోజు స్టేట్‌మెంటు చూసుకోవాలి.

మన కేసులో ఏప్రిల్ లోటుకు మే 6న కోశారు. నెల పూర్తయిన ఆరో రోజునే కోత పడిందంటే, నెల రోజుల గడువు ఇచ్చే వీలే లేదు. ఆమె ఫోనులో అంతకుముందు ఎలాంటి హెచ్చరికా లేదు. అంటే మాట ఇవ్వడం, తప్పడం పక్కన పెట్టినా మొదటి కోత నిలవదు. ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. నోటీసు రాలేదని రాసేముందు బ్యాంకులో నమోదై ఉన్న ఫోను నంబరు, ఈమెయిల్ ఏవో చూసుకోవాలి. పాత నంబరుకు ఎస్సెమ్మెస్ వెళ్లి ఉంటే బ్యాంకు ఆ రికార్డు తీసి చూపిస్తుంది, మన ఉత్తరంలో మిగతా మాటల బలం కూడా తగ్గిపోతుంది.

అన్నిటికంటే బరువైనది మాట ఇచ్చారనడానికి ఆధారం. వాట్సాప్ సందేశమైతే తేదీ, పంపిన నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన కాగితాలు, ఆ రోజు ఛార్జీల పట్టిక ఉంటే అదీ జతచేయాలి. కస్టమర్ కేర్‌లో చెప్పి ఉంటే ఆ కాల్ తేదీ, సమయం రాసి, రికార్డింగ్ భద్రపరచమని ఉత్తరంలోనే కోరాలి. ఏదీ లేదు, నోటిమాటే అంటే ఏం చేయాలి? ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటల్లో చెప్పారో రాయాలి. ఆ డిపాజిట్ అదే రోజు, అదే మనిషి చేతుల మీదుగా వేయడం కూడా ఒక ఆధారమే. ఊరికే ఎవరూ భర్త పేరున లక్ష వేసి, భార్య ఖాతాలో వెయ్యి ఉంచరు. ఇకముందు ఎవరైనా నోటితో మాట ఇస్తే ఆ సాయంత్రమే వాళ్లకు ‘మీరు ఈరోజు చెప్పినట్టు నా ఖాతాకు కనీస నిల్వ అవసరం లేదని అర్థం చేసుకున్నాను’ అని ఒక మెయిల్ పెట్టడం మంచిది. దానికి వాళ్లు కాదనకపోతే అదే కాగితంగా పనికొస్తుంది.

ఇప్పుడు ఉత్తరం. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఒకటే. ఒక పేజీ దాటకూడదు. బాధ, కోపం అందులో పెట్టనవసరం లేదు. చదివే అధికారికి కావలసినవి తేదీలు, అంకెలు, ఆధారాలు.

బ్రాంచి మేనేజర్ గారికి,
విషయం: పొదుపు ఖాతా (చివరి నాలుగు అంకెలు ….) నుంచి కనీస నిల్వ పేరుతో తీసుకున్న రూ. 1,545.80 తిరిగి జమ చేయడం గురించి – ఫిర్యాదు.

అయ్యా,
జనవరి 18న మీ బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్ మా దుకాణానికి వచ్చి నా పేరున పై ఖాతాను, నా భర్త పేరున లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను తెరిచారు. ఆ డిపాజిట్ ఉన్నందున నా ఖాతాకు కనీస నిల్వ అవసరం లేదని, ఛార్జీలు పడవని అదే రోజు వాట్సాప్ ద్వారా తెలిపారు. సందేశం నకలు జతచేశాను. ఆ మాట మీదే డిపాజిట్ వేశాం. అది నేటికీ మీ బ్యాంకులోనే ఉంది.

అయినా నా ఖాతా నుంచి మే 6న రూ. 424.80, జూన్ 5న రూ. 531.00, జులై 7న రూ. 590.00 తీసుకున్నారు. స్టేట్‌మెంటు నకలు జతచేశాను. ఇది బ్యాంకు ఇచ్చిన హామీకి విరుద్ధం కాబట్టి ఈ కోతలను నేను అంగీకరించడం లేదు.

పైగా, మే 6 నాటి కోతకు ముందు నిల్వ తగ్గిందని నాకు ఎలాంటి నోటీసూ రాలేదు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇవ్వాల్సిన నెల గడువు ఇవ్వలేదు. నోటీసు పంపినట్టయితే దాని తేదీ, పంపిన నంబరు తెలియజేయండి.

కాబట్టి: పన్నుతో సహా రూ. 1,545.80 నా ఖాతాకు తిరిగి జమ చేయండి. ఇచ్చిన హామీ ప్రకారం మినహాయింపును నా ఖాతాకు నమోదు చేసి, ఆ విషయం రాతపూర్వకంగా తెలపండి. నమోదుకు నా వైపు నుంచి ఏదైనా ఫారం కావాలంటే చెప్పండి, వెంటనే ఇస్తాను. ఈ ఫిర్యాదుకు నంబరు ఇచ్చి, 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోను, తేదీ)

ఇందులో హామీని ముందు పెట్టి, నోటీసు సంగతి తర్వాత పెట్టడానికి కారణం ఉంది. నోటీసు ఒక్కటే పట్టుకుంటే బ్యాంకు మొదటి కోత వెనక్కిచ్చి, మే నెలలో ఎస్సెమ్మెస్ పంపాం కాబట్టి మిగతా రెండూ సరైనవే అంటుంది. హామీ మీద నిలబడితే మూడూ పోవాలి. ‘ఫారం కావాలంటే ఇస్తాను’ అన్న మాట కూడా ఊరికే రాసింది కాదు. కుటుంబ ఖాతాలను కలపడానికి ఇద్దరి సంతకాలూ కావాలని బ్యాంకు చెప్పే అవకాశం ఉంది. మనం ముందే సిద్ధమన్నాం గనుక ఆ తప్పు మన మీదికి రాదు.

ఉత్తరాన్ని చేతికిస్తే రెండో ప్రతి మీద బ్రాంచి స్టాంపు, తేదీ వేయించుకోవాలి. స్టాంపు వేయడానికి వెనకాడితే అదే ఉత్తరాన్ని బ్యాంకు ఫిర్యాదుల ఈమెయిల్‌కు పంపి, వచ్చిన ఫిర్యాదు నంబరు దాచుకోవాలి. కౌంటరు దగ్గర నోటితో చెప్పింది ఎక్కడా లెక్కలోకి రాదు. రేపు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలంటే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి.

వచ్చే జవాబుల్లో మూడు రకాలు తరచూ కనిపిస్తాయి. ‘ఛార్జీలు మా వెబ్‌సైట్‌లో ఉన్న పట్టిక ప్రకారమే వేశాం’ అన్నది మొదటిది. మనం అడిగింది పట్టిక గురించి కాదు, హామీ గురించి. కాబట్టి ‘నా ఫిర్యాదులోని మొదటి అంశానికి జవాబు రాలేదు’ అని ఒక్క వాక్యం తిరిగి రాస్తే చాలు. ‘ఆ ఉద్యోగి ఇప్పుడు మా దగ్గర పనిచేయడం లేదు’ అన్నది రెండోది. అతను మాట ఇచ్చిన రోజు బ్యాంకు తరఫునే వచ్చాడు, డిపాజిట్ బ్యాంకుకే చేరింది. బయటి ఏజెంటు ద్వారా ఖాతా తెరిపించినా, అతని పనికి బాధ్యత బ్యాంకుదేనని ఏజెన్సీల విషయంలో రిజర్వు బ్యాంకు నియమాలే చెబుతాయి.

మూడోది కాస్త తియ్యగా ఉంటుంది: ‘మీరు విలువైన కస్టమరు కాబట్టి ఒక్కసారికి ఒక నెల ఛార్జీ వెనక్కి ఇస్తున్నాం.’ ఆ డబ్బు తీసుకోవచ్చు. కానీ ‘దీంతో ఫిర్యాదు పూర్తిగా పరిష్కారమైంది’ అన్న చోట ఒప్పుకోకూడదు. వచ్చింది ఇంత, ఇంకా రావాల్సింది ఇంత, మినహాయింపు నమోదు కాలేదు కాబట్టి ఫిర్యాదు కొనసాగుతోంది అని అదే రోజు మెయిల్ పెట్టాలి.

బ్రాంచిలో తేలకపోతే బ్యాంకు నోడల్ అధికారికి అదే ఉత్తరం పంపాలి. ఆయన వివరాలు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటాయి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపోకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఖర్చేమీ ఉండదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. లాయరు అవసరం లేదు. ఆ మాటకొస్తే లాయరు ద్వారా పెట్టిన ఫిర్యాదును తీసుకోరు కూడా. ఫిర్యాదుకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి బ్యాంకు జవాబు చేతిలో పెట్టుకుని నెలల తరబడి ఆగకూడదు.

అక్కడ ఫిర్యాదు తిరస్కారానికి గురయ్యే చోటు ఒకటుంది. బ్యాంకు వ్యాపార నిర్ణయాల మీద అంబుడ్స్‌మన్ విచారించరు. ‘పదివేలు ఉంచాలనడం అన్యాయం, ఆరు శాతం ఎక్కువ’ అని రాస్తే అది వ్యాపార నిర్ణయమంటూ పక్కన పెట్టేస్తారు. ‘హామీ ఇచ్చి తప్పారు, నోటీసు ఇవ్వకుండా కోశారు’ అని రాస్తే అది సేవాలోపం, విచారించాల్సిందే. మన మనసులో రెండు బాధలూ ఉండొచ్చు. కాగితం మీద మాత్రం రెండోదే ఉండాలి.

గెలవలేని కేసులూ ఉన్నాయి. సందేశంలో ‘ఎఫ్‌డీ మీ పేరున ఉంటే’ అని ఉండి, భర్త పేరున వేయాలని మనమే పట్టుబట్టి ఉంటే బ్యాంకును తప్పుపట్టలేం. డిపాజిట్ మధ్యలో తీసేసుంటే ఆ రోజు నుంచి హామీ పోయినట్టే. మొదటి ఏడాదికే మినహాయింపు అని రాసి ఉంటే రెండో ఏడాది అడగలేం.

క్రెడిట్ కార్డు వార్షిక రుసుముకూ ఇదే ఉత్తరం పనికొస్తుంది, కొద్ది మార్పులతో. ‘లైఫ్‌టైమ్ ఫ్రీ’ అని ఫోనులో అమ్మి రెండో ఏడాది రుసుము వేస్తే, రిజర్వు బ్యాంకు కార్డు ఆదేశాలను ఎత్తిచూపొచ్చు. కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోని రుసుము వేయకూడదు, ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు తెలపాలి అని అందులో ఉంది. ‘ఏడాదిలో లక్ష ఖర్చు చేస్తే రుసుము ఉండదు’ అన్న హామీ అయితే ఆ లక్షలో ఏవి కలుస్తాయో చూడాలి. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసిన డబ్బును చాలా కార్డులు లెక్కలోకి తీసుకోవు. తొంభై వేల దగ్గర ఆగిపోయి, మిగతాది అద్దెలో ఉందని వాదిస్తే ఫలితం ఉండదు.

కార్డుతో ఇంకో ప్రమాదం ఉంది. పొదుపు ఖాతాలో బ్యాంకే డబ్బు తీసేసుకుంది, మనం తిరిగి అడుగుతున్నాం. కార్డులో మాత్రం మనం ఇంకా కట్టలేదు. రుసుము మీద కోపంతో మొత్తం బిల్లు ఆపేస్తే వడ్డీ, ఆలస్య రుసుము పడతాయి, క్రెడిట్ స్కోరుకూ దెబ్బ. వివాదంలో లేని మొత్తాన్ని గడువులోపు కట్టి, రుసుము మీద అభ్యంతరాన్ని అదే రోజు రాతపూర్వకంగా పంపాలి. ఆ వడ్డీ గొడవే వద్దనుకుంటే రుసుము కూడా ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి కట్టి, తర్వాత వెనక్కి అడగొచ్చు.

విసిగిపోయి ఖాతా మూసేద్దామనుకునేవాళ్లు ముందు స్టేట్‌మెంటు పూర్తిగా దించుకోవాలి. ఖాతా మూతపడ్డాక నెట్ బ్యాంకింగ్ తెరుచుకోదు, వెనక్కి రావాల్సిన డబ్బు జమ కావడానికి ఖాతా ఉండదు. నిల్వ ఉంచే స్తోమత నిజంగానే లేదనుకుంటే అదే బ్యాంకులో బేసిక్ సేవింగ్స్ ఖాతా అడగొచ్చు. దానికి కనీస నిల్వ నిబంధన ఉండదు. నెలలో నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. జన్‌ధన్ ఖాతాలు ఈ కోవలోవే.

డబ్బు తిరిగి జమైనట్టు సందేశం వచ్చాక స్టేట్‌మెంటులో మూడు మొత్తాలూ పన్నుతో సహా వచ్చాయో లేదో విడివిడిగా సరిచూసుకోవాలి. తర్వాతి నెల మొదటి వారంలో ఇంకోసారి స్టేట్‌మెంటు తెరిచి MIN BAL CHGS మళ్లీ పడిందేమో చూడాలి. పడితే మినహాయింపు నమోదు కాలేదని అర్థం. అప్పుడు కొత్త ఫిర్యాదు పెట్టకుండా, పాత ఫిర్యాదు నంబరు మీదే ఆ స్టేట్‌మెంటు జతచేసి పంపాలి.